కాశీ యాత్రలో తాగే నీళ్లు: సీల్ చూడడం, రీఫిల్‌ను పట్టుకోవడం, ప్యూరిఫైయర్ సంగతి

ప్రశ్న: "వచ్చే నెల సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో కాశీ వెళ్తున్నాం. అక్కడి నుంచి కారులో ప్రయాగ, గయ. మొత్తం ఎనిమిది రోజులు. అమ్మ, నాన్న (ఇద్దరికీ 65 దాటాయి), నేను, మా ఆవిడ, ఐదేళ్ల బాబు. పోయినేడు వెళ్లిన మా బంధువులు విరేచనాలతో మంచం పట్టారు. స్టేషన్లో కొనే బాటిల్ అసలుదో రీఫిల్‌దో ఎలా తెలుస్తుంది? కుళాయి నీళ్లు పట్టుకోవచ్చా? చిన్న ప్యూరిఫైయర్ ఏదైనా కొనుక్కెళ్లాలా? చాలా టెన్షన్‌గా ఉంది."

జవాబు:

చాలా ఏళ్లు బాటిల్ నీళ్ల ప్లాంటులో, ల్యాబ్ వైపు పనిచేశాను. మూత బిగించే మెషిన్ పక్కనే మా టేబుల్ ఉండేది. ఆ ఉద్యోగం మానేశాక మా కాలనీ పెద్దవాళ్లని కాశీ, గయ తీసుకెళ్తూ ఉంటాను. అందుకని మీ మూడు ప్రశ్నలకూ కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నీళ్లు తేటగా ఉన్నాయా, తియ్యగా ఉన్నాయా అన్నది మనల్ని కాపాడదు. ప్రయాణంలో మనల్ని పడగొట్టేవి మురుగు నుంచి నీళ్లలోకి చేరే సూక్ష్మజీవులు. వాటికి రంగు, రుచి, వాసన ఉండవు. గంగా మైదానంలో చేతిపంపుల నీళ్లలో ఆర్సెనిక్ ఉంటుందనీ, మన నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ ఉంటుందనీ వినే ఉంటారు. అవి ఏళ్ల తరబడి తాగేవాళ్లకు వచ్చే కష్టాలు. ఎనిమిది రోజుల యాత్రికుడు చూసుకోవాల్సింది మురుగు కలిసిందా లేదా అన్నదొక్కటే. కాబట్టి ఏ నీళ్లు చేతికొచ్చినా నేను అడిగేది ఇదే: ఈ నీళ్లను చివరిసారి శుద్ధి చేసింది ఎవరు, ఆ తర్వాత నా చేతికి వచ్చేలోపు మూత తెరుచుకుందా?

ఇదే కారణంతో టీడీఎస్ మీటర్ కొనకండి. ఈమధ్య యాత్రలకి అది జేబులో పెట్టుకొచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. అది నీళ్లలో కరిగిన లవణాలను మాత్రమే చెప్తుంది. ఆర్‌వో నీళ్ల గ్లాసులో రెండు చుక్కలు మురుగు పడినా మీటరులో అంకె దాదాపు కదలదు, కానీ మనిషి జబ్బుపడడానికి ఆ రెండు చుక్కలు చాలు. టీడీఎస్ 40 చూపించిన శాంపిల్స్‌లో మురుగు జాడ చెప్పే కోలిఫాం బ్యాక్టీరియా పెరగడం మా ల్యాబులో చూశాను. అవి ప్లాంటులో శుభ్రంగానే తయారై, తర్వాత కడగని క్యాన్లలో పడ్డ నీళ్లు.

ఇక సీల్. బాటిల్ మూత కింద అదే రంగు ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంటుంది. మూతకీ రింగుకీ మధ్య చుట్టూతా సన్నని అతుకులుంటాయి. ప్లాంటులో మెషిన్ మూత బిగించేటప్పుడు ఆ రింగు బాటిల్ మెడ మీదున్న గట్టు దాటి కిందికి దిగి అక్కడే ఇరుక్కుంటుంది. మనం మూత తిప్పితే మూత పైకి లేస్తుంది, రింగు గట్టు కిందే ఆగుతుంది, మధ్య అతుకులు ఒక్కొక్కటిగా తెగుతాయి. ఆ చిటపట శబ్దం అదే. తెగిన అతుకులు మళ్లీ అతుక్కోవు కాబట్టి రీఫిల్ చేసేవాడికి దారులు రెండే: పాత మూతనే మళ్లీ బిగించి మీరు చూడరని ఆశపడడం, లేదా కొత్త మూత తెచ్చి వేయడం. రెండిటినీ పట్టుకునే పద్ధతులు వేరు.

పాత మూత బిగించినది కంటితోనే తెలుస్తుంది. బాటిల్‌ను కళ్ల ఎత్తుకి తెచ్చి వెలుతురులో ఒక చుట్టు తిప్పండి. అసలు బాటిల్‌లో మూత, రింగు ఒకే ముక్కలా, మధ్య ఒక సన్నని గీతతో కనిపిస్తాయి. ఆ గీత చుట్టూ ఒకే వెడల్పులో ఉంటుంది. ఒకసారి తెరిచిన బాటిల్‌లో రింగు కాస్త కిందికి జారి వదులుగా ఉంటుంది, వేలితో కదిపితే తిరుగుతుంది. అతుకుల చివర్లు తెల్లగా సాగి కనిపిస్తాయి. కొందరు గమ్ చుక్కలు పెడతారు, అప్పుడు గీత మీద అక్కడక్కడా మెరుపు, గరుకు ఉంటాయి. అసలు రింగే లేకపోతే ఇంకేం చూడక్కర్లేదు, వెనక్కి ఇచ్చేయండి.

తర్వాత బాటిల్‌ను తలకిందులు చేసి నడుం దగ్గర గట్టిగా నొక్కండి. మూత అంచున ఒక్క చుక్క తడి కనిపించినా వద్దు. ప్లాంటులో మూత ఎంత బిగువుతో పడాలో రోజూ కొలిచేవాళ్లం, చేత్తో బిగించిన మూతకి ఆ బిగువు రావడం కష్టం. ఈ రెండూ డబ్బులిచ్చే ముందే చేయాలి. మూడోది, అమ్మినవాడి ముందే మూత తిప్పండి. మొదట గట్టిగా పట్టి, తర్వాత వరుసగా తెగుతున్నట్టు చేతికి తెలియాలి. ఇప్పుడు మూతలు బాగా పలచగా వస్తున్నాయి, కాబట్టి శబ్దం పెద్దగా రాకపోయినా అనుమానపడకండి. చూడాల్సింది చేతికి తగిలే ఆ తెగుడునే. అసలేమీ తెగకుండా నున్నగా తిరిగితే తాగొద్దు. రైలు కదిలిపోయినా, ఇరవై రూపాయలు పోయినా సరే, ఆ నీళ్లను చేతులు కడుక్కోవడానికి కూడా వాడకుండా పారబోయండి.

మూత మీద తొడిగే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగును చాలామంది సీల్ అనుకుంటారు. అది సీల్ కాదు. వేడి గాలి తగిలిస్తే ముడుచుకునే ఆ తొడుగులు కట్టలు కట్టలుగా ఎవరికైనా దొరుకుతాయి. 20 లీటర్ల క్యాన్ల మీద మోసం ఎక్కువగా ఈ తొడుగుతోనే జరుగుతుంది. తొడుగు ఉందని మురిసిపోకుండా దాన్ని తీసేసి లోపల మూత ఎలా ఉందో చూడండి.

కొత్త మూత వేసిన రీఫిల్ కష్టం. అక్కడ అతుకులు నిజంగానే తెగుతాయి, శబ్దం కూడా వస్తుంది. అప్పుడు చూడాల్సింది బాటిల్ ఒంటిని. చెత్తలో తిరిగొచ్చిన బాటిల్ అడుగున, భుజాల దగ్గర సన్నని గీతలు, తెల్లటి అరుగుదల ఉంటాయి, లేబుల్ అంచులు నాని ముడతలు పడి ఉంటాయి. తర్వాత తేదీ. బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన తేదీ, ధర, ఎప్పటిలోగా వాడాలన్నది మెడ మీదో లేబుల్ మీదో చిన్న చుక్కల అక్షరాల్లో కొట్టి ఉంటాయి. రీఫిల్ చేసేవాడు లేబుల్ మార్చడు, కాబట్టి తేదీ పాతదే ఉంటుంది. రోజుకి వందల బాటిళ్లు అమ్ముడుపోయే స్టేషన్ స్టాల్‌లో నాలుగు నెలల కిందటి బాటిల్ ఎందుకుంటుంది? ఒకే వరుసలో ఉన్న బాటిళ్లలో ఒక్కోదాని తేదీ ఒక్కోలా ఉండి, నీళ్ల మట్టాలు కూడా ఎక్కువ తక్కువలుగా ఉంటే ఆ స్టాల్ వదిలి పక్క స్టాల్‌కి వెళ్లండి. ప్లాంటులో నింపిన బాటిళ్లలో మట్టం దాదాపు ఒకే గీత మీద ఉంటుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా సీల్‌తో తెలియనిది ఒకటి మిగులుతుంది. సీల్ చెప్పేది 'మూత వేశాక ఎవరూ తెరవలేదు' అన్నంతవరకే. లోపల పోసిన నీళ్లు ఎలాంటివో అది చెప్పదు. షెడ్డులో బోరు నీళ్లు నింపి, కొత్త బాటిల్‌కి కొత్త మూత, పేరున్న కంపెనీకి ఒక్క అక్షరం తేడాతో లేబుల్ వేసి అమ్మేవాళ్లున్నారు. అందుకే పేరును అక్షరం అక్షరం చదవండి. లేబుల్ మీద ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని దగ్గర IS 14543 అనీ, CM/L తో మొదలయ్యే లైసెన్స్ నంబరూ ఉంటాయి. ఆ నంబరును BIS Care యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలుస్తుంది. ఇక్కడ ఒక మార్పు తెలుసుకోవాలి: బాటిల్ నీళ్లకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అన్న నిబంధనను 2024 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తీసేసింది. ఆ తర్వాత నవంబరు చివర్లో ఈ నీళ్లను ఎక్కువ ప్రమాదమున్న ఆహారాల వర్గంలో చేర్చి తనిఖీలు తప్పనిసరి చేసింది. కాబట్టి ఐఎస్ఐ గుర్తు లేనంతమాత్రాన అది నకిలీ అనలేం. కానీ మీకు రెండు బాటిళ్లు కనిపిస్తే, గుర్తు, నంబరు ఉన్నది తీసుకోండి. నేనైతే అదే చేస్తాను.

రైల్లో, స్టేషన్లలో రైల్ నీర్ దొరికితే మరో ఆలోచన వద్దు. అది ఐఆర్‌సీటీసీ ప్లాంట్లలో తయారయ్యే నీరు. లీటరు ధర 2025 సెప్టెంబరు 22 నుంచి 15 రూపాయల నుంచి 14కి తగ్గింది. కానీ రైల్ నీర్ ఖాళీ బాటిళ్లే ఎక్కువగా పట్టాల పక్కన పడి ఉంటాయి, ఏరుకెళ్లేవాళ్లకి అవే దొరుకుతాయి. కాబట్టి పేరు చూసి పరీక్ష మానకండి. ప్లాట్‌ఫాం మీద స్టాల్ నుంచి, లేదా యూనిఫాం, ఐడీ కార్డు ఉన్న ప్యాంట్రీ మనిషి దగ్గర కొనండి. చిన్న స్టేషన్‌లో ఎక్కి, బకెట్లో బాటిళ్లు పెట్టుకుని, తర్వాతి స్టేషన్‌లో దిగిపోయే మనిషి దగ్గర వద్దు. బకెట్లో ఐసు నీళ్లు కరిగి ఉంటాయి. ఆ నీళ్లు మూత చుట్టూ గీతలో నిలుస్తాయి. మీరు మూత తీసి నోటికి పెట్టుకుంటే అవి నోట్లోకే. చల్లగా ఉందని ఆ బాటిల్ కొన్నా, మెడను శుభ్రమైన గుడ్డతో తుడిచి, మొదటి గుక్కెడు ఒలకబోసి తాగండి. ఖాళీ అయిన మీ బాటిళ్లను పారేసే ముందు నలిపి, మూతకి చిల్లు పెట్టండి. మీరు సీటు కింద వదిలేసిన మంచి బాటిల్ రేపు ఇంకెవరి చేతిలోనో తేలుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న, కుళాయిలు. స్టేషన్‌కి వచ్చే నీళ్లలో మామూలుగా క్లోరిన్ కలుపుతారు. మన తాగునీటి ప్రమాణం IS 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది ఉంటే దారిలో పడ్డ క్రిమిని కూడా చంపుతూ వస్తుంది. కానీ మీరు పట్టుకునే కుళాయిలో ఆ రోజు అది మిగిలిందో లేదో తెలియదు. పైగా కుళాయి మూతి దగ్గర జనం చేతులు, ముఖం, పళ్లు అన్నీ కడుగుతారు. అందుకే ఆ నీళ్లు పట్టుకోవచ్చు గానీ అలాగే తాగకూడదు. మాత్ర వేసి తాగాలి, ఆ సంగతి కింద చెప్తాను.

సత్రాల్లో, హోటళ్లలో ఉండే ఆర్‌వో మెషిన్ గురించి మాత్రం జాగ్రత్త. అందరూ దాన్ని కుళాయి కంటే గొప్పగా నమ్ముతారు. ఆర్‌వో నీళ్లలో క్లోరిన్ ఉండదు, మెషిన్ దాటాక ఆ నీళ్లకి కాపలా లేదు. మెషిన్ నుంచి స్టీలు ట్యాంకులోకి, అక్కడి నుంచి కుళాయిలోకి వచ్చేలోపు ఏది పడినా అది అక్కడే పెరుగుతుంది. నేను వెళ్లిన చోటల్లా ట్యాంకు మూత చూస్తాను. బిగుతుగా ఉందా, లోపలికి గ్లాసు ముంచి తీసే అలవాటు ఉందా, కుళాయి కింద పాచి పట్టిందా? ఫిల్టరు ఎప్పుడు మార్చారని అక్కడి మేనేజరుగారిని అడుగుతాను. సర్వీసు స్టిక్కరు మీద తేదీ రాసుండి, ట్యాంకు కడుగుతున్నామని చెప్పగలిగితే పెద్దవాళ్లకి ఆ నీళ్లు పట్టిస్తాను. 'ఏమోనండి, అదే పనిచేస్తుంది' అంటే పట్టించను. భోజనాల బల్ల మీద జగ్గు నీళ్లు మాత్రం ఎక్కడా వద్దు, ఆ జగ్గులో ఎన్ని చేతులు మునిగాయో తెలియదు.

రీఫిల్ అంటే అమ్మేవాడి మోసం ఒక్కటే కాదు, మన బాటిల్‌తోనూ ఇబ్బంది ఉంది. కొన్న ప్లాస్టిక్ బాటిల్‌నే ఎనిమిది రోజులు నింపుకుంటూ పోతే, ఇరుకు మెడ లోపల చెయ్యి పట్టదు కాబట్టి కడగలేం. నోరు పెట్టి తాగిన ప్రతిసారీ కొంచెం ఎంగిలి వెనక్కి పోతుంది, ఎండలో అది జిగురుగా పేరుకుంటుంది. స్ట్రా ఉన్న పిల్లల బాటిళ్లయితే ఇంకా కష్టం. బాబుకి స్ట్రా లేని వెడల్పు మూతి స్టీలు బాటిల్ తీసుకోండి. మనిషికి ఒక బాటిల్, పేరు రాసి. రోజూ రాత్రి సబ్బుతో తోమి, మరిగిన నీళ్లు పోసి ఊపి పారబోస్తే చాలు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఎత్తిపోసుకుని తాగమనేవారు. ఒకే బాటిల్ అందరూ పంచుకోవాల్సి వస్తే ఇప్పటికీ అంతకంటే మంచి పద్ధతి లేదు. నీళ్లు పట్టేటప్పుడు బాటిల్ మూతిని కుళాయికి తగలనివ్వకండి.

మూడోది ప్యూరిఫైయర్. కొనే ముందు అది దేన్ని ఆపుతుందో తెలుసుకోవాలి. మురుగు నీళ్లలో మూడు రకాలుంటాయి. జియార్డియా లాంటి ఏకకణ జీవులు కాస్త పెద్దవి, నాలుగైదు మైక్రాన్ల నుంచి మొదలవుతాయి. టైఫాయిడ్, కలరా తెచ్చే బ్యాక్టీరియా ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటాయి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ, పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా లాంటి వైరస్‌లు మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండవు. ట్రెక్కింగ్ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరికే సన్నని గొట్టాల ఫిల్టర్లకి రంధ్రాలు 0.1 లేదా 0.2 మైక్రాన్లు. మొదటి రెండు రకాలనూ అవి బాగా ఆపుతాయి. వైరస్ మాత్రం దాటిపోతుంది. మనుషులు లేని అడవిలో వాగు నీళ్లకి ఆ ఫిల్టర్ చాలు. కాశీ లాంటి కిక్కిరిసిన పాత ఊళ్లో, నీటి గొట్టం పక్కనే మురుగు గొట్టం పోయే చోట, అది ఒక్కటే సరిపోదు.

ఇది ఊహించి చెప్పడం లేదు. 1955 చివర్లో యమునా వరదకి ఢిల్లీ మురుగు వెనక్కి తన్ని వజీరాబాద్ దగ్గర ఊరికి నీళ్లు తోడే చోటులో కలిసింది. అధికారులు క్లోరిన్ పెంచారు. బ్యాక్టీరియా వల్ల వచ్చే టైఫాయిడ్ పెరగలేదు. కానీ కొన్ని వారాల తర్వాత కామెర్లు మొదలై దాదాపు 29,000 మందికి సోకాయి. దాచిపెట్టిన రక్త నమూనాలను ఎన్నో ఏళ్ల తర్వాత పరీక్షిస్తే అది హెపటైటిస్ ఇ అని తేలింది. ఈ జబ్బు గర్భిణులకు ప్రాణాంతకం, కాబట్టి మీతో అలాంటివాళ్లు ఎవరైనా వస్తుంటే కాచిన నీళ్లు తప్ప ఇంకేదీ ఇవ్వొద్దు. క్లోరిన్ పనిచేయాలంటే నీళ్లు తేటగా ఉండాలి, తగినంత మోతాదు, తగినంత సమయం ఇవ్వాలి అన్నది కూడా దీని నుంచే గుర్తుంచుకోవచ్చు. మట్టి, మురికి ఉన్న నీళ్లలో క్లోరిన్ ఆ మురికి మీదే ఖర్చైపోతుంది.

యూవీ పెన్నులు వైరస్‌లతో సహా మూడింటినీ దెబ్బతీస్తాయి. లీటరుకి నిమిషంన్నర తిప్పితే చాలు. కానీ నీళ్లు మసకగా ఉంటే కాంతి లోపలికి పోదు. బాటిల్ మెడ మీద మూత బిగిసే మరల దగ్గర నిలిచిన చుక్కకి కాంతి తగలదు, ఛార్జింగ్ అయిపోతే ఇక చేయగలిగిందేమీ లేదు. తరచూ తిరిగేవాళ్లకి అది మంచి వస్తువే. మీ ఒక్క యాత్ర కోసం వేలు పెట్టి కొనమని నేను చెప్పను.

మీకు కావలసినవి రెండే: ఒక లీటరు ఎలక్ట్రిక్ కెటిల్, ఒక స్ట్రిప్ క్లోరిన్ మాత్రలు. నీళ్లు తెర్లడం మొదలై ఒక్క నిమిషం మరిగితే మూడు రకాల క్రిములూ చస్తాయి. సముద్ర మట్టానికి 2,000 మీటర్లు దాటిన చోట, అంటే మీరు ఎప్పుడైనా బదరీనాథ్ వెళ్తే, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాలు ఉంచాలి. కాశీ, గయల్లో ఆ బాధ లేదు. 1500 వాట్ల కెటిల్‌లో లీటరు నీళ్లు నాలుగైదు నిమిషాల్లో మరుగుతాయి. అది తనంతట తాను ఆగాక మూత తీయకుండా కాసేపు వదిలేయండి, ఆ వేడిలోనే మిగతా పని అయిపోతుంది. అదే వేడి నీళ్లతో స్టీలు బాటిల్ ఒకసారి కడిగి, మిగిలినవి అందులోనే పోసి మూత పెట్టండి. చల్లార్చడానికి గ్లాసులోకి, గిన్నెలోకి మారుస్తూ తిరగబోయకండి, చేసిన పని అక్కడే పోతుంది. రైల్లో ఛార్జింగ్ పాయింటుకి కెటిల్ పెట్టడం నిషేధం. మంటలు వచ్చే ప్రమాదం ఉంది, జరిమానా కూడా పడుతుంది. కాబట్టి కెటిల్ గదిలోనే.

మాత్రలు రైల్లో, కారులో అక్కరకొస్తాయి. మందుల షాపులో సోడియం డైక్లోరోఐసోసయనురేట్ మాత్రలు అని అడగండి. పేరు పలకడం కష్టమైతే నీళ్లలో వేసే క్లోరిన్ మాత్రలంటే చాలు. వీటిలో లీటరుకి ఒకటి వేసేవి, ఐదు లీటర్లకి వేసేవి, వరదలప్పుడు పంచే 20 లీటర్ల బిందెకి వేసేవి అని రకాలున్నాయి. పెద్దది తెచ్చి ముక్కలు చేయకండి, లీటరు మాత్రే కొనండి. నీళ్లు మసకగా ఉంటే ముందు నాలుగు మడతల శుభ్రమైన గుడ్డలో వడకట్టాలి. మాత్ర వేసి కరిగాక మూత కాస్త వదులు చేసి బాటిల్ వంచితే ఆ నీళ్లు మరల మీదుగా కారి అక్కడి క్రిములనూ చంపుతాయి. తర్వాత మూత బిగించి గడియారం చూసి అరగంట ఆగండి. తాగేటప్పుడు కొంచెం బ్లీచింగ్ వాసన రావాలి. అసలేమీ వాసన లేదంటే క్లోరిన్ మొత్తం ఖర్చైపోయిందన్నమాట, ఇంకో మాత్ర వేసి మళ్లీ అరగంట ఆగాలి. బాబు ఆ వాసనకి మొహం తిప్పుకుంటే బాటిల్ మూత తీసి కాసేపు ఉంచండి, తగ్గుతుంది. ఒక్క పరిమితి ఉంది: క్రిప్టోస్పొరిడియం అనే ఏకకణ జీవి ఈ మోతాదు క్లోరిన్‌కి చావదు. అందుకే కాచే వీలున్న చోట కాచడమే ముందు, మాత్ర ఆ తర్వాత.

ఇక మీ ప్రయాణానికి లెక్క వేద్దాం. రైలు ప్రయాణం ఒక రోజు పైనే. ఐదుగురికి, బాబుకి కాస్త తక్కువ వేసుకున్నా, సుమారు 10 లీటర్లు కావాలి. ఇంట్లో ముందురోజు కాచి చల్లార్చిన నీళ్లు ఐదు స్టీలు బాటిళ్లలో ఐదు లీటర్లు పట్టుకోండి. సికింద్రాబాద్‌లో మీకు తెలిసిన షాపులో ఐదు లీటర్ల జార్ ఒకటి, పైన చెప్పినట్టు మూత చూసి కొనండి. పై రోజుకి తక్కువపడితే నాగపూర్, ఇటార్సీ, జబల్‌పూర్ పెద్ద స్టేషన్లు, అక్కడ స్టాల్ దగ్గర తీసుకోవచ్చు. రైలు ఆగిన రెండో నిమిషంలో పరుగెత్తి కొనకుండా, ఒక బాటిల్ మిగిలి ఉండగానే కొనండి. తొందరలో ఎవరూ సీల్ చూడరు.

ఇప్పుడు పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటున్న మొఘల్‌సరాయ్‌లో దిగి కాశీ చేరాక, మొదటి సాయంత్రమే కెటిల్ బయటికి తీయండి. రోజూ పడుకునే ముందు ఐదు సార్లు మరిగిస్తే తెల్లారేసరికి ఐదు లీటర్ల చల్లని నీళ్లు తయారు. అరగంట పని. గదిలో ఆ నీళ్లు, ఘాట్‌కి వెళ్లేటప్పుడు మనిషికి ఒక బాటిల్. ఎండలో ఇవి చాలవు, ఇంకో నాలుగైదు లీటర్లు జార్ కొని గదిలో ఉంచుకోండి. పళ్లు తోముకోవడానికి కూడా ఇవే. పెద్దవాళ్లు ఇది మర్చిపోతారు, వాష్‌బేసిన్ దగ్గర ఒక బాటిల్ పెట్టేయండి. కట్టుడు పళ్లుంటే వాటిని నానబెట్టే నీళ్లు కూడా. ప్రయాగ, గయ వెళ్లే రోజు కారు డిక్కీలో జార్ ఎండకి కాగకుండా సీటు కింద పెట్టమనండి.

గంగ దగ్గర ఒక సంగతి నేను చెప్పాలి. అమ్మానాన్న స్నానం చేస్తారు, సంకల్పంలో ఆచమనం ఉంటుంది, తీర్థం తీసుకోవాలని ఉంటుంది. వద్దని అనడం నాకు ఇష్టం లేదు, అనను కూడా. నేను తీసుకెళ్లే పెద్దవాళ్లకి ముందురోజే చెప్తాను: స్నానంలో నోరు మూసుకోండి, గంగను తల మీద ప్రోక్షించుకోండి, ఆచమనానికి పంచపాత్రలో మనం తెచ్చుకున్న కాచిన నీళ్లు పోసి, అందులో గంగను ఆవాహన చేసుకుందాం. పురోహితులని అడిగితే వాళ్లే ఒప్పుకుని మంత్రం చెప్పించారు. గయలో పిండప్రదానం రోజు ఎక్కువసేపు ఎండలో ఖాళీ కడుపుతో కూర్చోవాలి. ఆ రోజు మాత్రం మనిషికి లీటరు ఎక్కువ వేసుకోండి, దాహానికి ఆగలేక పక్కవాడి లోటా అందుకునేది అక్కడే.

బయట తినేవాటిలో మరిగే టీ మంచిదే. ఐసు వేసిన లస్సీ, చెరుకు రసం, గోల్‌గప్పా నీళ్లు ఈ ఎనిమిది రోజులూ వద్దు. ఐసు గడ్డకట్టినంతమాత్రాన క్రిములు చావవు.

ఇంత చూసుకున్నా ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే అని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది పెట్టుకోండి. లీటరుకి వేసే ప్యాకెట్‌ను సరిగ్గా ఒక లీటరు కాచిన నీళ్లలో కలపాలి, సగం నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకి ప్రమాదం. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. బాబు ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మగతగా పడుకున్నా, తాగింది తాగినట్టే కక్కుతున్నా, ఎవరికైనా విరేచనంలో రక్తం కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

తిరిగొచ్చాక కూడా కొంతకాలం గమనించాలి. టైఫాయిడ్ బయటపడడానికి వారం నుంచి నెల పడుతుంది. హెపటైటిస్ ఎ రెండు వారాల నుంచి ఏడు వారాల లోపు, హెపటైటిస్ ఇ రెండు వారాల నుంచి రెండు నెలలు దాటి కూడా రావచ్చు. ఆ మధ్యలో ఎవరికైనా తగ్గని జ్వరం, అన్నం సహించకపోవడం, మూత్రం పసుపు ముదురుగా రావడం కనిపిస్తే డాక్టరుకి ఫలానా తేదీల్లో కాశీ వెళ్లొచ్చామని మొదటే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు, ఎందుకంటే ఇంటికొచ్చి నెల దాటాక ఆ యాత్రకీ ఈ జ్వరానికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు.